సెకనుకు ఎన్ని పదాలు? తెలుగు వాయిస్ ఓవర్ స్క్రిప్ట్ నిడివిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: సెకనుకు రెండున్నర పదాల లెక్కన స్క్రిప్ట్ రాస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ లెక్క నిమిషానికి 150 పదాలు చదివే ఇంగ్లీషు నెరేషన్ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో విడిగా నిలిచే చిన్న మాటలు తెలుగులో విభక్తులై పదానికే అతుక్కుంటాయి కాబట్టి మన పదం సగటున మూడున్నర, నాలుగు అక్షరాల దాకా సాగుతుంది. సమాచార ప్రధానమైన వీడియోకు స్పష్టంగా చదివే గొంతు సెకనుకు సుమారు ఆరు అక్షరాలు పలుకుతుందని నా అనుభవం. పదాల్లో చెప్పాలంటే అది ఒకటిన్నర నుంచి 1.7 వరకు ఉంటుంది. నిదానంగా నడిచే డాక్యుమెంటరీకి ఐదు అక్షరాలే లెక్క వేసుకోవడం మంచిది.

అపోహ: కంప్యూటర్ చూపించే పదాల సంఖ్యను నమ్మవచ్చు.

వాస్తవం: కంప్యూటర్ కాగితం మీది పదాలను లెక్కిస్తుంది, మనకు కావలసింది నోటితో పలికేవి. ఒక వీడియోలో ఐదు సెకన్ల షాట్ కోసం నాకు ఈ వాక్యం వచ్చింది: "1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు." లెక్కకు ఇవి ఎనిమిది పదాలే, రెండున్నర సూత్రం ప్రకారం మూడు సెకన్లకు కాస్త పైన. కానీ చదివేవారు "పంతొమ్మిది వందల యాభై ఐదు డిసెంబర్ పదవ తేదీన" అని పలకాలి. ఒక్క సంవత్సరమే పదకొండు అక్షరాలు, "పదవ తేదీన" మరో ఆరు. "డిసెంబర్" చివరి పొల్లును ముందు అక్షరంతో కలిపి లెక్కిస్తే వాక్యం మొత్తం నలభై అక్షరాలకు చేరుతుంది, అంటే దాదాపు ఆరు సెకన్ల ముప్పావు. షాట్ దాటి పోతుంది.

దాన్ని ఇలా మార్చాను: "1955 డిసెంబర్‌లో సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు." ప్రాజెక్టు పూర్తి పేరు, తేదీ తెర మీద అక్షరాల్లో కనిపిస్తున్నాయి కాబట్టి గొంతు వాటిని మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఇరవై ఎనిమిది అక్షరాలు, నాలుగు సెకన్ల ముప్పావు లోపే. మిగిలిన కొద్దిపాటి వ్యవధి ఊపిరికి సరిపోతుంది. తగ్గింది రెండు పదాలే అయినా రెండు సెకన్లు దక్కాయి. అందుకే నేను స్క్రిప్ట్‌లో అంకెలను, "కి.మీ." వంటి సంక్షిప్తాలను ముందుగా అక్షరాల్లోకి విప్పి, ఆ తర్వాతే లెక్కిస్తాను.

ఇంకో ఆదా మన అలవాట్లలోనే ఉంది. "శంకుస్థాపన చేయడం జరిగింది" అని రాస్తే "చేశారు" అనే మూడు అక్షరాల చోట ఏడు అక్షరాలు ఖర్చవుతాయి, పైగా ఆ పని చేసినవారెవరో మరుగున పడుతుంది. నిడివి దాటిన స్క్రిప్ట్‌లో నేను మొదట వెతికేది ఈ "జరిగింది"నే.

అపోహ: అరవై సెకన్ల వీడియోకు అరవై సెకన్ల మాటలు కావాలి.

వాస్తవం: మొదట టైటిల్, చివర లోగో, దృశ్యం మారే ప్రతి చోటా చిన్న విరామం, వీటికే పది సెకన్ల వరకు పోతాయి. మిగిలిన యాభై సెకన్లకు ఆరు చొప్పున 300 అక్షరాలు, అంటే దాదాపు 75 నుంచి 85 పదాలు. ఇంగ్లీషు లెక్కతో 150 పదాలు రాసి తెచ్చిన స్క్రిప్ట్ రికార్డింగ్ గదిలో సగానికి కోతపడటానికి కారణం ఇదే. మొత్తం నిడివి సరిపోయినా చాలదు. ఏ షాట్‌కు ఎన్ని సెకన్లున్నాయో టైమ్‌లైన్‌లో చూసి, ప్రతి షాట్ మాటలను విడిగా సరిచూడాలి, లేకపోతే కాలువ గురించిన మాట గేట్ల దృశ్యం మీద పడుతుంది.

అపోహ: కాస్త ఎక్కువైతే ఎడిటింగ్‌లో వేగం పెంచవచ్చు.

వాస్తవం: మూడు, నాలుగు శాతం వరకు చెవికి అంతగా తెలియదు. ffmpeg వాడేవారికి ఆ పని ఇంతే:

```
ffmpeg -i voice.wav -filter:a "atempo=1.04" out.wav
```

అంతకు మించి నెట్టితే ఒత్తులు, వాక్యాల మధ్య విరామాలు నలిగిపోతాయి. చదివేవారినే తొందరపెట్టడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే వేగంలో మొదట కుదించుకుపోయేది దీర్ఘమే. "పాలు" "పలు"కు దగ్గరైపోయిన టేక్‌ను తిరిగి రికార్డు చేయక తప్పదు.

అపోహ: రాసినవారు మనసులో చదువుకొని సమయం చూసుకుంటే చాలు.

వాస్తవం: మనసులో చదివేటప్పుడు ఊపిరి అవసరం ఉండదు, కాబట్టి వచ్చే సమయం ఎప్పుడూ తక్కువే. ఆరు అన్నది కూడా మొదటి అంచనా మాత్రమే. అసలు చదవబోయే వ్యక్తి చేత అదే స్క్రిప్ట్‌లోని 120 అక్షరాల పేరా రికార్డింగ్ గొంతుతో చదివించి, స్టాప్‌వాచ్‌తో కొలవండి. ఇరవై సెకన్లు వస్తే లెక్క సరిపోయినట్టు, ఇరవై నాలుగు వస్తే ఆ గొంతుకు సెకనుకు ఐదే అక్షరాలు. అప్పుడు అదే యాభై సెకన్లకు 250 అక్షరాలకు మించి రాయకూడదు.