చామాకు ఏ గుంపులోకి వెళుతుంది?

బీఎడ్ చదువుతున్న ఒక పాఠకురాలు ఇలా రాశారు: “అభ్యాసక కేంద్రిత విద్యా ప్రణాళికకూ పాఠ్యపుస్తక కేంద్రిత ప్రణాళికకూ తేడాలు రాయమన్నారు. గైడులో పది పాయింట్లు ఉన్నాయి. కానీ అసలు తరగతిలో ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?” ఆ పది పాయింట్లను పక్కన పెట్టి, ఒక్క పాఠాన్నే రెండు పద్ధతుల్లో చూద్దాం. ఆకులు, వేర్ల పాఠం.

పుస్తకం ఇలా చెబుతుంది: సమాంతర ఈనెలు ఉన్న మొక్కకు గుబురు వేర్లు ఉంటాయి, అది ఏకదళ బీజం. జాలాకార ఈనెలు ఉంటే తల్లివేరు ఉంటుంది, అది ద్విదళ బీజం. వరి, మామిడి బొమ్మలు పక్కపక్కనే. పదిహేను నిమిషాల్లో పాఠం అయిపోతుంది. పిల్లలు తప్పు లేకుండా ఒప్పజెబుతారు కూడా.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మిడిల్ స్కూళ్ళలో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం దీన్ని తలకిందులు చేసింది. అక్కడ నిర్వచనం ముందు రాదు. పిల్లలు బయటికి వెళ్ళి చూస్తారు, పట్టిక రాస్తారు, వాదించుకుంటారు, పేర్లు ఆ తర్వాత వస్తాయి. ఆ దారిలో మన ఊళ్ళో ఇదే పాఠం ఎలా నడుస్తుందో ఊహించండి.

ఒక్కో జట్టు పది మొక్కలు పీకుతుంది. గరిక, తోటకూర, జొన్న, కొత్తిమీర, ఇలా ఏది దొరికితే అది. ఆకు ఒక గడిలో, వేరు ఇంకో గడిలో రాస్తారు. ఆరేడు మొక్కలయ్యేసరికి రెండు గడులకూ ఏదో సంబంధం ఉందని ఎవరో ఒకరు గమనిస్తారు. అప్పుడు టీచరు చేయాల్సిన పని ఒక్కటే: తర్వాతి మొక్కను పీకనివ్వకుండా ఆపి, “ఆకు చూసి వేరు ఎలా ఉంటుందో చెప్పండి” అనడం. చెప్పాకే పీకాలి. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. ఒప్పజెప్పే పిల్లకు తాను తప్పో ఒప్పో టీచరు చెప్పాలి. ఈ పిల్లకు ఆ సంగతి మొక్కే చెబుతుంది.

ఈ దారిలో తిప్పలు బోలెడు. ఎండిన నేలలో తోటకూర పీకితే తల్లివేరు మధ్యలో తెగి, పక్కవేర్లే చేతికొస్తాయి. పిల్లవాడు “గుబురు” అని రాసేస్తాడు. కాండం అడుగున తెల్లగా, లావుగా తెగిన మొన ఉందేమో చూడాలి. ముందే నీళ్ళు పోసి, నేల మెత్తబడ్డాక తవ్వితే ఈ బాధ ఉండదు. మునగ ఇంకో రకంగా తికమక పెడుతుంది. కొమ్మ పాతిన మొక్కకు గింజ నుంచి దిగే తల్లివేరు ఉండదు, కాండం నుంచే వేర్లు పుడతాయి. గింజ వేసిన మొక్కకు లావాటి తల్లివేరు దిగుతుంది. మొక్క ఒకటే, వేర్లు రెండు రకాలు. అంటే, “ఇది దేని నుంచి మొలిచింది?” అనే గడి పట్టికలో ఇంకొకటి కావాలి. ఆ గడి అవసరం పిల్లలకే తట్టినప్పుడు కలిగే సంతోషం చూసి తీరాలి.

అసలు చిక్కు చామది. ఆకు చూస్తే ఈనెలు చీలి వలలా అల్లుకున్నట్టుంటాయి. పిల్లలు ధీమాగా “తల్లివేరు” అంటారు. తవ్వితే దుంప చుట్టూ పీచులాంటి వేర్లు! చామ నిజానికి ఏకదళ బీజమే. పెండలం తీగా అంతే. పుస్తకంలోని సూత్రం చాలా మొక్కలకు సరిపోతుంది, అన్నిటికీ కాదు. ఎందుకంటే ఈనె వేరును పుట్టించడం లేదు, రెండూ ఒకే వంశం నుంచి వచ్చిన పోలికలు మాత్రమే. ఏకదళ బీజాల్లో మొలకెత్తేటప్పుడు వచ్చిన మొదటి వేరు ఎక్కువ కాలం పెత్తనం చేయదు, కాండం మొదట్లోంచి పుట్టిన వేర్లు ఆ పని తీసుకుంటాయి. తడిగుడ్డలో మొక్కజొన్న గింజలు మొలకెత్తించి వారం రోజులు చూస్తే ఈ మార్పు మొదలవడం కనిపిస్తుంది. ఆకులో ఈనెల అల్లిక మాత్రం కొన్ని ఏకదళ బీజ కుటుంబాల్లో వేరే దారి పట్టింది.

అయితే పుస్తకం అక్కర్లేదా? కావాలి. “ఏకదళ బీజం” అన్న భావన ఏ పిల్లా పెరట్లో తనంతట తాను కనిపెట్టదు. అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1902లోనే పుస్తక జ్ఞానాన్ని పటంతో పోల్చాడు. పటం ప్రయాణానికి బదులు కాదు, కానీ పటం ఉంటే వృథా తిరుగుడు తప్పుతుంది. చామ దగ్గర పిల్లలు ఆగిపోయినప్పుడే పుస్తకం తెరవాలని నేనంటాను.

దీనికి ఖర్చుంది. పదిహేను నిమిషాల పాఠానికి నాలుగైదు పీరియడ్లు పడతాయి. హోషంగాబాద్‌లో టీచర్లకు వేసవిలో శిక్షణ ఇచ్చేవారు, నెలనెలా కలిసి కూర్చుని ఇబ్బందులు మాట్లాడుకునేవారు. పరీక్షలో పుస్తకం చూసి రాయనిచ్చేవారు, ప్రయోగాలూ చేయించేవారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

పరీక్ష మారకుండా పాఠం ఒక్కటే మారితే ఏమవుతుందో టీచర్లకు తెలుసు. “ఏకదళ బీజాల లక్షణాలు రాయండి” అనే ప్రశ్నే వస్తే, చామ తవ్విన పిల్ల కంటే బట్టీ పట్టిన పిల్లకే మార్కులు ఎక్కువొస్తాయి. మీ వ్యాసంలో ఆ ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న రాసి చూడండి: “ఈ ఆకు మీరెప్పుడూ చూడనిది. దీని వేరు ఎలా ఉండొచ్చు? మీ ఊహ తప్పైతే ముందుగా ఏం పరిశీలిస్తారు?”