పంపు తిరుగుతున్నా కూలర్ ప్యాడ్లు తడవకపోవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పంపు శబ్దం వినిపిస్తోంది కనుక పంపు బాగానే ఉంది.

వాస్తవం: శబ్దాన్ని బట్టి పంపుకు కరెంటు అందుతోందని మాత్రమే చెప్పగలం. బోరు నీటిలోని సున్నం పంపు లోపల రెక్కల చక్రం చుట్టూ తెల్లని పెచ్చుగా పేరుకుంటే, చక్రం బిగుసుకుపోయి గుయ్‌మని మోగుతుందే తప్ప నీటిని తోయలేదు. కొన్నిసార్లు చక్రం తిరుగుతుంది గానీ నీరు వెళ్లే దారి సన్నబడి, బలం చాలదు. అలాంటి పంపు బకెట్లో పెట్టి చూస్తే నీళ్లు పోస్తుంది, కూలర్ పైభాగం దాకా మాత్రం ఎక్కించలేదు. అందుకే పరీక్ష ఎప్పుడూ ఆ ఎత్తులోనే చేయాలి. ముందు ప్లగ్ తీసి, పైనుంచి ప్యాడ్ల మీదికి నీరు వదిలే పంపిణీ గొట్టం నుంచి ట్యూబును విడదీసి, దాని కొసను అదే ఎత్తులో ఖాళీ బకెట్లోకి వంచి కట్టి, చేతులు తీసేసిన తర్వాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలి. ధార బలంగా వస్తే లోపం గొట్టంలో ఉన్నట్టు. సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా పంపునో, దాని జాలీనో, మడతపడిన ట్యూబునో చూడాలి.

పంపు ముందు మూత ఊడదీస్తే చక్రం చేతికి వస్తుంది. గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు పెచ్చు వదులుతుంది. ఇరుసు అరిగిపోయి ఉంటే మాత్రం శుభ్రం చేసినా లాభం లేదు, పంపు మార్చవలసిందే.

అపోహ: పంపిణీ గొట్టం రంధ్రాలు పూడుకుంటే కాల్చిన మేకుతో పెద్దవి చేయాలి.

వాస్తవం: ఈ సలహా చేసినంత చేటు సున్నం కూడా చేయదు. విజయవాడ పటమటలో ఒక ఇంటి కూలర్‌కు కొత్త పంపు వేసినా వెనుక ప్యాడ్, ఒక పక్క ప్యాడ్ ఎండుగానే ఉన్నాయి. పై ఎత్తులో ధార బలంగానే ఉంది కనుక పంపును వదిలేసి గొట్టాన్ని విప్పి చూడగా, ట్యూబుకు దగ్గరి రంధ్రాలను ఎవరో మేకుతో వెడల్పు చేశారని, దూరపు రంధ్రాలు సున్నంతో పూర్తిగా మూసుకుపోయాయని తెలిసింది. నీరంతా దగ్గరి రంధ్రాల్లోంచే పోతుంటే దూరపు ప్యాడ్ల దాకా ఒత్తిడి మిగలదు. అలాంటి గొట్టాన్ని బాగుచేయలేము, కనుక మార్చాము. పాడవని గొట్టమైతే సన్నని తీగతో పొడిచి, మూసిన కొస బిరడా తీసి, లోపలి మడ్డి పోయేదాకా నీళ్లు పారించి కడిగితే సరిపోతుంది.

అపోహ: ట్యాంకులో కొంచెం నీళ్లున్నా చాలు.

వాస్తవం: పంపు నీరు పీల్చే రంధ్రం పూర్తిగా మునిగి ఉండాలి. మట్టం తగ్గితే పంపు గాలిని కూడా పీల్చుకుని గరగరమంటూ ధారను తెంపితెంపి వదులుతుంది, అలా వదిలేస్తే వేడెక్కి కాలిపోతుంది. పైపు నీళ్లు పట్టే కూలర్లలో బంతి కుళాయి మూసుకుని ఇరుక్కుంటే, ట్యాంకు నిండుతోందని మనం అనుకుంటూ ఉండగానే ఇలా జరుగుతుంది.