బీరువాలో చీరలు, ఖాతాలో బాకీలు

బరంపురంలో ఒక చీరల హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. సూరత్ నుంచి సరుకు తెప్పించుకుని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కొట్లకు పంపుతుంది. ఏడాది అమ్మకం 1.2 కోట్లు. ఆ చీరలు కొన్న ఖరీదు 96 లక్షలు. అమ్మకంలో 30 లక్షలు రొక్కం, మిగతా 90 లక్షలు అరువు. అంకెలు నేను కల్పించినవే గానీ వ్యాపారం తీరు మాత్రం అక్కడిదే.

ఈ కొట్టు ఎంత చురుగ్గా నడుస్తోందో తెలియాలంటే రెండు ప్రశ్నలు అడగాలి. కొన్న చీర అమ్ముడవడానికి ఎన్నాళ్లు పడుతోంది? అమ్మిన చీర డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతోంది? మొదటిదానికి జవాబు ఇన్వెంటరీ టర్నోవర్, అంటే ఏడాదిలో నిల్వ ఎన్నిసార్లు తిరిగిందనే లెక్క. రెండోది డేస్ సేల్స్ అవుట్‌స్టాండింగ్, మన మాటల్లో వసూలు రోజులు.

నిల్వ సంగతి ముందు చూద్దాం. గత మార్చి ఆఖరున కొట్లో 14 లక్షల సరుకు ఉంది, ఈ మార్చి ఆఖరున 16 లక్షలది. సగటు 15 లక్షలు. అమ్మకం 1.2 కోట్లను దీంతో భాగిస్తే 8 సార్లు, అంటే చీర 46 రోజుల్లో అమ్ముడవుతోందన్నమాట. యజమానికి సంతోషమే. కానీ నిల్వను కొన్న ధరకు లెక్కగట్టి, అమ్మకాన్ని లాభం కలిపిన ధరకు తీసుకుంటే ఎలా? పైనా కిందా ఒకే ధర ఉండాలి. 96ను 15తో భాగిస్తే 6.4 సార్లే, 57 రోజులు.

అదీ నిజం కాదు. మార్చి నాటికి కొట్టు సగం ఖాళీగా ఉంటుంది. దసరా కోసం ఆగస్టు, సెప్టెంబరుల్లో బీరువాలు, అటకలు, చివరికి ఇంటి ముందుగది కూడా మూటలతో నిండిపోతాయి. ప్రతి నెలాఖరు నిల్వా రాసుకుని పన్నెండింటి సగటు తీస్తే 24 లక్షలు తేలింది. అప్పుడు టర్నోవర్ 4 సార్లు, చీర ఆగేది 91 రోజులు. అదే కొట్టు, అదే ఏడాది, మూడు జవాబులు! బ్యాంకుకిచ్చే కాగితంలో మొదటిది కనిపిస్తే నేనైతే నెలవారీ స్టాకు పుస్తకం అడుగుతాను.

ఇక వసూలు. సూత్రం తేలికే: బాకీని ఏడాది అరువు అమ్మకంతో భాగించి 365తో హెచ్చించాలి. రొక్కం అమ్మకాన్ని కలపకూడదు, దానికి వసూలు బెంగ లేదుగా. జులై ఆఖరున బాకీ 18 లక్షలు, అంటే 73 రోజులు. అక్టోబరు ఆఖరున 21 లక్షలు, 85 రోజులు. చూడగానే దసరా తర్వాత వసూళ్లు మందగించాయనిపిస్తుంది. యజమాని టెన్షన్ పడి గుమాస్తాను రాయగడ బస్సెక్కిస్తాడు.

కాస్త ఆగి, బాకీని ఏడాది మొత్తంతో కాక ఇటీవలి నెలల అమ్మకంతో పోల్చాలి. అక్టోబరులో అరువు అమ్మకం 15 లక్షలు. 21లోంచి అది తీసేస్తే 6 మిగిలింది. సెప్టెంబరు అమ్మకం 12 లక్షలు, మిగిలిన 6 అందులో సగం. అక్టోబరు 31 రోజులు, సెప్టెంబరులో 15, మొత్తం 46. జులైకి అలాగే చేద్దాం. ఆషాఢం కదా, అమ్మకం మూడున్నర లక్షలే. రజో పండగ ఉన్నా జూన్‌లో అయిదున్నర. ఆ రెండూ పోగా మిగిలిన 9 లక్షలకు పెళ్లిళ్ల మే నెల అమ్మకం 9 లక్షలూ సరిపోయింది. అంటే 92 రోజులు. మామూలు సూత్రం జులై బాగుందంది, వెనక్కి లెక్కిస్తే జులైలోనే డబ్బు ఎక్కువ ఇరుక్కుంది. అక్టోబరు బాకీ పెరిగింది అమ్మకం పెరిగినందుకే. గుమాస్తా బస్సు ఖర్చు దండగ.

ఈ పద్ధతికీ ఒక గుడ్డితనం ఉంది. బాకీ అంతా కొత్తదేనని అది అనుకుంటుంది. అందుకని ఖాతా పుస్తకం తీసి, ఏ బిల్లు ఎంత పాతదో ముప్పై రోజులకో వరుసగా విడదీయాలి. జులై 18 లక్షల్లో 4 లక్షలు ఆరు నెలలు దాటిన బిల్లులనీ, అవి రెండే కొట్లవనీ తేలిందనుకోండి. ఆ నాలుగూ పక్కన పెడితే మిగతావాళ్ల వసూలు 78 రోజులకు దిగుతుంది. వాళ్లందరికీ అరువు గడువు తగ్గిస్తే మంచి గిరాకీ పక్క హోల్‌సేలర్ దగ్గరికి పోతుంది, ఆ రెండు బాకీలేమో కదలవు. నిల్వలోనూ అంతే. 24 లక్షల్లో నాలుగు లక్షల చీరలు రెండేళ్ల కిందటి రంగులవైతే, వాటిని వదిలేసి మొత్తం కొనుగోళ్లు తగ్గించే యజమాని దసరా వారంలో అడిగిన చీర లేదని చెప్పాల్సివస్తుంది. ఆ ఏడాది టర్నోవర్ అంకె మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.