టిక్ పడ్డ థ్రెడ్ కింద ఎవరూ చూడరు: ఆఫీస్ చాట్ గురించి అపోహలు - వాస్తవాలు

రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపించే చిన్న కంపెనీలో నాది సపోర్ట్ పని. ఆఫీసు నల్లగొండలో. మా కుర్రాళ్లు మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ వైపు మిల్లుల చుట్టూ తిరుగుతుంటారు. వాళ్లకు ఎక్కడైనా పని ఆగితే స్లాక్ అనే ఆఫీస్ చాట్ యాప్‌లో `#mill-help` అనే చానెల్‌లో అడగాలి. ఆఫీసులో ఉన్న మేం నలుగురం రోజుకొకరం చొప్పున డ్యూటీ తీసుకుని ఆ మెసేజ్ కిందే జవాబిస్తాం, ఆ రిప్లైల వరుసే థ్రెడ్. వడ్ల సీజన్‌లో ఎన్నో ప్రశ్నలు మా చేతుల్లోంచి జారిపోయాయి. అలా జారిన ప్రతిసారీ తవ్వి చూస్తే, అడగకపోవడం వల్ల జరిగింది ఒక్కటీ లేదు. అందరూ అడిగారు, అడిగిన చోటే తేడా.

అపోహ: పాత థ్రెడ్ దొరికితే అందులోనే అడగడం పద్ధతి. అంతా ఒకేచోట ఉంటుంది.

నేను కూడా చాలా రోజులు ఇదే చెప్పాను. మొన్నటి సీజన్‌లో జరిగింది చూశాక మానేశాను.

మిర్యాలగూడలో ఒక మిల్లు నుంచి మా అబ్బాయి, "అన్నా, కాంటా బరువు స్క్రీన్ మీదికి వస్తలేదు" అని చానెల్‌లో పెట్టాడు. కాంటా డిస్‌ప్లే నుంచి కంప్యూటర్‌కు ఒక సీరియల్ కేబుల్, దాని కొసకు యూఎస్‌బీ కన్వర్టర్ ఉంటాయి. ఊడ్చేటప్పుడు ఎవరో దాన్ని పీకి పక్క సాకెట్‌లో గుచ్చారు. అలా సాకెట్ మారినప్పుడు విండోస్ దానికి కొత్త పోర్టు నంబరు ఇచ్చేస్తుంటుంది. మా సాఫ్ట్‌వేర్ ఇంకా COM3 దగ్గరే ఎదురుచూస్తుంటే, బరువు COM5కు వస్తోంది. పద్నాలుగు రిప్లైల తర్వాత సంగతి తేలింది. నంబరు మార్చారు, మొదటి మెసేజ్ మీద ఆకుపచ్చ టిక్ పెట్టారు.

మర్నాడు హాలియాలో ఉన్న తమ్ముడికి అదే ఇబ్బంది వచ్చింది. మేం నేర్పినట్టే ముందు వెతికాడు, ఆ థ్రెడ్ దొరికింది. దాని కిందే "నాక్కూడా ఇదే ప్రాబ్లం, COM5 పెట్టినా వస్తలేదు" అని రాశాడు.

ఇప్పుడు ఆ మెసేజ్ ఎవరికి చేరిందో చూడండి. స్లాక్‌లో థ్రెడ్ రిప్లై నోటిఫికేషన్ ఆ థ్రెడ్‌ను మొదలుపెట్టినవాళ్లకు, అందులో రిప్లై ఇచ్చినవాళ్లకు, పేరుతో ట్యాగ్ అయినవాళ్లకు, కావాలని ఫాలో అయినవాళ్లకు వెళ్తుంది. ఈ థ్రెడ్‌లో ఉన్నది ఇద్దరే. జవాబిచ్చిన మా ఆఫీసు మనిషి ఆ రోజు సెలవు. మిర్యాలగూడ అబ్బాయి చూశాడు కానీ, తనను అడిగింది కాదనుకున్నాడు. ఆ రోజు డ్యూటీ నాది. నేను ఆ థ్రెడ్‌లో లేను. చానెల్ తెరిస్తే ఆ మెసేజ్ నిన్నటి స్థానంలోనే, పైన ఎక్కడో, టిక్‌తో ఉంది. కింద రిప్లైల సంఖ్య పద్నాలుగు నుంచి పదిహేనైంది, అంతే. వాట్సాప్‌లో కోట్ చేసి రిప్లై ఇస్తే అది గ్రూపు అడుగున కొత్త మెసేజ్‌లా అందరికీ కనిపిస్తుంది. మా వాళ్ల చెయ్యి దానికే అలవాటు పడింది. థ్రెడ్ అలా పైకి తేలదు.

రెండు రోజులు ఆ మిల్లులో బరువులు రిజిస్టర్‌లో పెన్నుతో రాసుకున్నారు. మూడో రోజు గుమాస్తా ఫోన్ చేసి, "మీ పోరగాడు అడిగిండట గదా, ఎవ్వరూ పలకరా?" అన్నాడు. చూస్తే పోర్టు నంబరు సమస్యే కాదు. వాళ్లు డిస్‌ప్లే మార్చారు. కొత్తది 2400 బాడ్ రేటుతో, అంటే ఆ వేగంతో బరువు పంపుతోంది, మా దగ్గర సెట్టింగ్ 9600. పది నిమిషాల పని.

అప్పటి నుంచి మా దగ్గర ఒకటే లెక్క. అడిగే మనిషి మారినా, మిల్లు మారినా కొత్త ప్రశ్న చానెల్‌లోనే రావాలి. పాత థ్రెడ్ పనికొస్తుందనిపిస్తే దాని లింక్ జత చెయ్యాలి. అదే మిల్లు, అదే సమస్య తిరగబెడితే మాత్రం పాత థ్రెడ్‌లోనే రాసి, కింద `Also send to #mill-help` అని ఉండే గడిలో టిక్ పెట్టాలి. అప్పుడది చానెల్‌లో కూడా కనిపిస్తుంది. ఇక పని అయిందన్న టిక్‌ను జవాబు చెప్పినవాళ్లు పెట్టకూడదు, అడిగినవాళ్లే పెట్టాలి. మనం "అయిపోయింది" అనుకున్నవాటిలో మిల్లు దగ్గర అవ్వనివి చాలా ఉంటాయి.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు వెతికే మాట ఇది:

```
in:#mill-help -has::white_check_mark:
```

టిక్ లేని మెసేజ్‌లన్నీ వస్తాయి. థ్రెడ్ రిప్లైలు కూడా కలిసి వస్తాయి, వాటిని కళ్లతో దాటేయాలి. కొంచెం చిరాకు పనే.

అపోహ: డీఎం, అంటే ఒక్కరికే నేరుగా మెసేజ్, చేస్తే తొందరగా అవుతుంది.

ఆ మనిషి ఫోన్ పట్టుకుని ఖాళీగా ఉంటే అవుతుంది. నా సంగతే చెప్తా. క్లాక్ టవర్ దగ్గర బండి ఆపి జేబులోంచి ఫోన్ తీస్తే, "సార్, తేమ కోత లెక్క తప్పు వస్తుంది" అని దేవరకొండ నుంచి డీఎం. చదివాను, ఇంటికెళ్లి చూద్దామనుకున్నాను. చదివిన క్షణంలోనే అన్‌రీడ్ గుర్తు పోయింది. రాత్రికి దాని మీద ఇంకో ఆరు డీఎంలు. ఆ ప్రశ్న ఉన్నట్టు నాకూ అడిగినమ్మాయికీ తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు. నేను మర్చిపోతే గుర్తుచేసే దిక్కు లేదు. అదే చానెల్‌లో ఉంటే పక్క సీటు వాళ్లు చెప్పేవారు.

"డీఎం చెయ్యకు, చానెల్‌లో పెట్టు" అని మందలిస్తే ఆ అమ్మాయి రెండు చోట్లా అడగడం మానేస్తుంది. మన దగ్గర డీఎం వెనక ఉన్నది తొందర కంటే మొహమాటమే ఎక్కువ. అందరి ముందు అడిగితే ఇంత చిన్న విషయం తెలియదా అంటారేమోనని. అందుకని ప్రశ్నను నేనే చానెల్‌లో రాస్తాను: "దేవరకొండ మిల్లు, తేమ కోత లెక్క తప్పు వస్తోంది, చూస్తున్నాను." ఆ మెసేజ్ లింక్‌ను డీఎంలో పంపి, "జవాబు ఇక్కడ ఇస్తానమ్మా" అంటాను. డీఎం లింక్‌ను చానెల్‌లో పెడితే లాభం లేదు, ఆ సంభాషణలో లేనివాళ్లకు అది తెరుచుకోదు. మాటల్నే కాపీ చెయ్యాలి. నాలుగైదు సార్లు అలా చేశాక ఆమె తనంతట తనే చానెల్‌లో అడగడం మొదలుపెట్టింది. మా సీనియర్ కూడా తనకు తెలియనివి అక్కడే అడగడం ఇంకా బాగా పనిచేసింది.

అపోహ: జవాబు రాకపోతే థ్రెడ్‌లో @channel కొడితే అందరూ చూస్తారు.

స్లాక్ థ్రెడ్‌లో @channel, @here పనిచేయవు. డ్యూటీలో ఉన్నవాళ్లను పేరుతో ట్యాగ్ చెయ్యాలి. మేం ఆ రోజు పేరును చానెల్ టాపిక్‌లో పొద్దున్నే మారుస్తాం.

అపోహ: ఒక్కో పనికి ఒక్కో చానెల్ ఉంటే కలగాపులగం కాదు.

కాంటాకు ఒకటి, బిల్లుకు ఒకటి, ప్రింటర్‌కు ఒకటి పెట్టి చూశాం. బిల్లు మీద బరువు రాకపోతే అది ఏ చానెల్ కిందికి వస్తుందో మాకే తెలియలేదు. మూడూ మూసేశాం.

అపోహ: చానెల్‌లో ఉంది కదా, ఎప్పుడైనా వెతుక్కోవచ్చు.

స్లాక్ ఫ్రీ ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. నవంబరులో వానాకాలం వడ్లప్పుడు దొరికిన జవాబు, ఏప్రిల్‌లో యాసంగి కోతలకు సరిగ్గా కావాల్సినప్పుడు ఉండదు. అందుకే టిక్ పడ్డవాటిలో మళ్లీ వచ్చేవాటిని శనివారం ఒక షీట్‌లో ఎక్కిస్తాం: మిల్లు దగ్గర ఏం కనిపించింది, అసలు కారణం, ఏం మార్చాం. బాడ్ రేటు సంగతి అందులో మొదటి వరుస.

అపోహ: అయితే డీఎం ఎప్పుడూ తప్పే.

కాదు. రిమోట్‌లోకి వెళ్లే నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ, మిల్లు ఓనరు బాకీ సంగతి, ఎవరినైనా గట్టిగా అనాల్సిన మాట, ఇవన్నీ డీఎంలోనే. కాకపోతే అక్కడ పని అయ్యాక చానెల్ థ్రెడ్‌కు తిరిగొచ్చి ఒక్క లైను రాయాలి: "రిమోట్‌లో చూసిన, బాడ్ రేటు 2400 చేసిన, బరువు వస్తుంది. నువ్వు ఒక లారీ తూకం వేసి చూసి టిక్ పెట్టు."