ఆ ‘ప్లేట్‌లెట్ల సూది’ అసలు ఏ సూది? క్లినిక్ రివ్యూలపై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఒక చిన్న హాస్పిటల్లో పదకొండేళ్లుగా ఫ్రంట్ డెస్క్ నాదే. టోకెన్లు ఇస్తాను, బిల్లు కొడతాను, ఫోన్లు ఎత్తుతాను. గూగుల్‌లో మా హాస్పిటల్ గురించి ఎవరేం రాశారో చదివి జవాబు పెట్టే పని కూడా నా మీదే పడింది. తిట్లు పెద్దగా బాధపెట్టవు, అలవాటైపోయాయి. నాకు టెన్షన్ పెట్టేవి పొగడ్తలే. ఎందుకో చెప్తాను.

అపోహ: రోగం తగ్గింది, డాక్టరే తగ్గించాడు. ఆ మాట రాస్తే నలుగురికి మేలు.

ఒక వానాకాలం దేవరకొండ వైపు నుంచి ఒకబ్బాయి వాళ్లమ్మను తీసుకొచ్చాడు. డెంగీ. ఆమె కోలుకుని ఇంటికెళ్లాక ఐదు నక్షత్రాలు ఇచ్చి ఇలా రాశాడు: “మా అమ్మకు ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. సార్ ఒక్క ఇంజెక్షన్ ఇచ్చారు, రెండు రోజుల్లో లక్ష దాటాయి. డెంగీ వస్తే ఎక్కడా తిరగకుండా ఇక్కడికే రండి.”

మూడు రోజుల తర్వాత నకిరేకల్ నుంచి ఒకాయన కొడుకుని పట్టుకొచ్చి, ఫోన్లో ఆ రివ్యూ చూపించి, “అక్కా, గా ప్లేట్‌లెట్ల సూది మావోనికి గూడ ఏపియ్యి, ఎంతైనా కడతా” అన్నాడు. ఆ పిల్లాడికి జ్వరం మొదలై రెండో రోజు. ప్లేట్‌లెట్లు 2 లక్షల పైనే ఉన్నాయి.

నేను ఆ అమ్మ ఫైలు తీసి చూశాను. ఆ రోజు ఆమెకు వేసిన ఇంజెక్షన్ వాంతులకు! ప్లేట్‌లెట్లతో దానికి సంబంధమే లేదు.

మరి ప్లేట్‌లెట్లు ఎలా పెరిగాయి? ఫైలులో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. జ్వరం మొదలైన నాలుగో రోజు సీబీపీలో 92 వేలు. ఐదో రోజు 61 వేలు. ఆరో రోజు జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు మాత్రం 38 వేలకు వచ్చాయి. ఏడో రోజు 54 వేలు, ఎనిమిదో రోజు లక్షా 5 వేలు. డెంగీ నడక చాలామందిలో ఇంతే. జ్వరం తగ్గే వేళకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి, ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే లేస్తాయి. ఆ మలుపు దగ్గర ఎవరేం చేసినా పేరు వాళ్లకే వస్తుంది. ఇంజెక్షన్ పడితే ఇంజెక్షన్‌కి, బొప్పాయి ఆకు రసం తాగితే ఆకుకి.

అలాగని సార్ ఏమీ చేయలేదని కాదు. అసలు పని వేరే చోట జరిగింది. జ్వరం దిగిన రోజునే డెంగీలో జాగ్రత్తగా ఉండాలి, ఒంట్లో నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారే సమయం అది. అందుకే ఆమెను ఇంటికి పంపకుండా బెడ్ మీద ఉంచారు. సెలైన్ ఎంత ఎక్కించాలో లెక్క చూసుకుంటూ, సిస్టర్ చేత గంట గంటకూ బీపీ చూపించారు. రక్తస్రావం లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదని కొడుకుని కూర్చోబెట్టి చెప్పారు. ఇంకో పేషెంట్‌కి పనికొచ్చే సంగతులన్నీ ఇవే. రివ్యూలో ఒక్కటీ లేదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. “నాకేం తెలుసక్కా, సూది ఏసినంక పెరిగినయ్” అన్నాడు. నిజమే, ఆయనకు కనబడింది అదే. ‘వేసిన తర్వాత పెరిగాయి’ అనేది ఆయన చూసిన విషయం, ‘వేయడం వల్ల పెరిగాయి’ అనేది ఊహ. కంటితో చూసింది, చెవితో విన్నది, చేత్తో కట్టింది రాస్తే చాలని చెప్పాను. రాత్రికి మార్చి రాశాడు:

“అమ్మకు డెంగీ. జ్వరం ఆరో రోజు అడ్మిట్ చేశాం, రెండు రాత్రులు ఉన్నాం. జ్వరం తగ్గినా ఆ రోజు ఇంటికి వద్దని సార్ ముందే చెప్పారు. ప్లేట్‌లెట్లు ఎందుకు ఎక్కించడం లేదో అడిగితే విసుక్కోకుండా వివరించారు. కడుపునొప్పి, వాంతులు ఆగకపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురమ్మన్నారు. రోజూ సీబీపీ చేశారు. రాత్రి డాక్టర్ ఉండరు, ఫోన్‌లో ఉంటారు, సిస్టర్ ఉంటుంది. బాత్రూం శుభ్రంగా లేదు.”

ఆఖరి మాట చదివి మా మేడం మొహం మాడ్చుకుంది. నాకు మాత్రం అలాంటి వాక్యం ఉంటేనే మిగతాదంతా నమ్మబుద్ధేస్తుంది.

అపోహ: రెండు ల్యాబుల్లో రెండు రిపోర్టులు వస్తే ఒకటి దొంగ ల్యాబే.

ఈ ఆరోపణ ప్రతి సీజన్‌లోనూ చదువుతాను. “అక్కడ డెంగీ నెగెటివ్ అన్నారు, ఇక్కడ పాజిటివ్. మోసం.” తీరా అడిగితే మొదటిది జ్వరం రెండో రోజు చేయించిన ఐజీఎం, అంటే ఒంట్లో పుట్టే యాంటీబాడీలను చూసే టెస్ట్, రెండోది ఏడో రోజు చేసిన అదే టెస్ట్. ఐజీఎం మామూలుగా ఐదో రోజు దాటాకే బయటపడుతుంది. మొదటి రోజుల్లో చూడాల్సింది వైరస్ ఆనవాలు పట్టే ఎన్‌ఎస్1, అదేమో రోజులు గడిచేకొద్దీ కనబడకుండా పోతుంది. అంటే రెండు రిపోర్టులూ కరెక్టే కావచ్చు. టైఫాయిడ్‌కి చేసే వైడల్‌దీ ఇంకో తలనొప్పి, ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికి కూడా పాజిటివ్ చూపించగలదు. కాబట్టి టెస్ట్ పేరు, చేసిన తేదీ, అది జ్వరం ఎన్నో రోజో రాయండి. తప్పెవరిదో మీరు తేల్చకండి.

అపోహ: మందుల చీటీ ఫోటో పెడితే రివ్యూకి బలం.

చీటీ మీద పేరు, వయసు, ఫోన్ నంబర్, రోగం అన్నీ ఉంటాయి. పైగా ఆ ఫోటో మెడికల్ షాపులో చూపించి అవే గోలీలు కొనుక్కునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఇంకొకరి చీటీలోని నొప్పి గోలీలు తమ జ్వరానికి మింగి, డెంగీలో రక్తస్రావం తెచ్చుకునే ప్రమాదం ఉంది. పెట్టకండి, అంతే.

అపోహ: చెడుగా రాస్తే కేసు వేస్తారు, నోరు మూసుకోవడమే నయం.

పరువునష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరమే. జనం మేలు కోసం చెప్పిన నిజానికి అందులోనే మినహాయింపు కూడా ఉంది. చిక్కల్లా, నిజమని చూపించగలగాలి. “కమీషన్ కోసం అడ్డగోలుగా టెస్టులు రాశారు” అన్నది చూపించలేరు. “నాలుగు టెస్టులు రాశారు, 2,150 రూపాయలైంది, ఎందుకని రెండుసార్లు అడిగినా చెప్పలేదు” అన్నదానికి బిల్లే సాక్ష్యం. చదివేవాళ్లకూ రెండోదే ఎక్కువ చెప్తుంది.

నిజంగా వైద్యంలోనే తప్పు జరిగిందని అనుమానముంటే రివ్యూ కంటే ముందు కేస్ షీట్ కాపీ కోసం రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో డాక్టర్ రికార్డులు ఇవ్వాలని నిబంధన ఉంది. వాటిని ఇంకో డాక్టర్‌కి చూపించి, అవసరమైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. రివ్యూ కింద మాతో వాదిస్తే మీకు ఒరిగేది ఉండదు. పేషెంట్ వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి, మీరెంత రాసినా “దయచేసి రిసెప్షన్‌లో కలవండి” అని తప్ప నేను జవాబు రాయలేను. అది పొగరు కాదు.

ఇంకొకటి, వెళ్లిన నెల, సంవత్సరం వేయండి. మా ఓపీ ఫీజు 300 అయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరో ఒకరు పాత రివ్యూ చూపించి, “200 అన్నరు కదక్కా” అని కౌంటర్ దగ్గర నిలబడతారు.