కామెర్లు వచ్చాయని పాలు ఆపకండి: చంటిబిడ్డల వార్డులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒకే షిఫ్టులో ముగ్గురు తల్లులు నన్ను ఒకే మాట అడిగారు. "సిస్టర్, బాబుకి కామెర్లు కదా, నా పాలు ఆపేసి గ్లూకోజ్ నీళ్లు పట్టనా?" ఒకరిది గాజువాక, ఒకరిది భీమిలి దగ్గర పల్లె, ఇంకొకరిది అనకాపల్లి. ఒకరికొకరు పరిచయం లేదు. ముగ్గురికీ ఇంట్లో పెద్దవాళ్లో, పక్కింటివాళ్లో ఆ మాట చెప్పారు. విశాఖపట్నంలో చంటిబిడ్డల ఐసీయూలో 16 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. కామెర్ల మీద ఎన్నో అపోహలు విన్నాను. బిడ్డకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మాత్రం ఇదే. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: కామెర్లు తగ్గాలంటే తల్లిపాలు ఆపి నీళ్లో, గ్లూకోజో పట్టాలి

బిడ్డ ఒంట్లోకి ఆ పసుపు ఎక్కడినుంచి వస్తుందో, ఎలా బయటికి పోతుందో తెలిస్తే ఈ మాట ఎంత తప్పో అర్థమవుతుంది.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్రరక్తకణాలు ఎక్కువ అవసరం. అందుకే పుట్టేసరికి రక్తం చిక్కగా ఉంటుంది. పెద్దవాళ్లలో ఆ కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. పుట్టిన బిడ్డలో అంతకంటే తక్కువ రోజులే. అవి విరిగినప్పుడు వచ్చే పసుపు పదార్థమే బిలిరుబిన్. లివర్ దాన్ని నీళ్లలో కరిగే రూపంలోకి మార్చి పైత్యరసంతో పేగులోకి పంపాలి. పుట్టిన కొత్తలో లివర్‌కి ఆ పని ఇంకా పూర్తిగా చేతకాదు. రక్తంలో బిలిరుబిన్ పేరుకుని రెండు మూడు రోజులకు బిడ్డ పచ్చబడుతుంది. నెలలు నిండిన చాలామంది బిడ్డల్లో ఇది మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య బాగా పెరిగి, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది.

అసలు సంగతి పేగులో ఉంది. అక్కడికి చేరిన బిలిరుబిన్ మలంతో బయటికి పోవాలి. బిడ్డకు మోషన్ కాకపోతే అది పేగులోనే నిలిచిపోయి, మళ్లీ పాత రూపంలోకి మారి, తిరిగి రక్తంలోకి వెళ్తుంది. లివర్ కష్టపడి బయటికి నెట్టిందే వెనక్కి వస్తుందన్నమాట. పుట్టగానే వచ్చే నల్లటి జిగట మలం, అంటే మెకోనియంలో బిలిరుబిన్ చాలా ఉంటుంది. దాన్ని త్వరగా కదిలించేది పాలు. అందులోనూ ముర్రుపాలు. గ్లూకోజ్ నీళ్లు తాగితే బిడ్డ పొట్ట నిండుతుంది, ఆకలి చచ్చిపోతుంది, రొమ్ము పట్టడు. నీళ్లతో మూత్రం వస్తుంది కానీ మోషన్ కదలదు. రక్తంలో పేరుకున్న ఈ బిలిరుబిన్ నీళ్లలో కరగదు కాబట్టి ఆ మూత్రంతో బయటికి పోదు. నీళ్లు పడితే కామెర్లు కడుక్కుపోతాయనుకోవడం అక్కడే దెబ్బతింటుంది.

ఇలా జరిగిన ఒక బిడ్డ సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

38 వారాలకు మామూలు కాన్పు, మొదటి బిడ్డ, పుట్టినప్పుడు బరువు 3 కిలోలు. మూడో రోజు ఇంటికి వెళ్లిపోయారు. నాలుగో రోజు కళ్లు పచ్చగా కనిపించాయి. "తల్లి ఒంట్లో వేడి చేసింది, ఆ పాలు పడలేదు" అన్నారట ఎవరో. ఆ రోజంతా దూదితో గ్లూకోజ్ నీళ్లు పట్టారు. ఐదో రోజు సాయంత్రం మా దగ్గరికి తెచ్చేసరికి బిడ్డ అరికాళ్ల దాకా పచ్చగా ఉన్నాడు, లేపినా సరిగా లేవడం లేదు. బరువు 2.64 కిలోలు, అంటే పుట్టిన బరువులో 12 శాతం తగ్గిపోయింది. బిలిరుబిన్ డెసిలీటరు రక్తానికి 21.4 మిల్లీగ్రాములు. రక్తంలో సోడియం కూడా కాస్త పెరిగి ఉంది, అది బిడ్డ ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తు. తల్లీబిడ్డలిద్దరిదీ ఓ పాజిటివ్ గ్రూపే, రక్తకణాలు అతిగా విరుగుతున్న ఆనవాళ్లు పరీక్షల్లో లేవు. డైపర్ విప్పి చూశాను. ఐదో రోజున కూడా ఇంకా తారులాంటి నల్లటి మలమే, అదీ గోరంత. పాలు సరిపడా తాగే బిడ్డకు ఆ వయసుకి అది పసుపు రంగుకి మారిపోయి, రోజుకి మూడు నాలుగు సార్లు రావాలి. మిగతా పరీక్షల రిపోర్టులు రాకముందే ఆ డైపర్ నాకు సగం విషయం చెప్పేసింది.

కింద, పైన రెండు వైపులా బిలిరుబిన్ తగ్గించే లైటు పెట్టాం. తల్లిని పక్కనే కూర్చోబెట్టి రెండు గంటలకోసారి పాలు ఇప్పించాం. మొదటిసారి రొమ్ము పట్టించి, తాగకముందూ తాగాకా అదే డైపర్‌తో తూకం వేశాను. 20 నిమిషాలు చప్పరించినా 8 గ్రాములే పెరిగాడు. బిడ్డ చనుమొన చివరే పట్టుకుంటున్నాడు. తల్లికి నొప్పి, బిడ్డకు పాలు లేవు. నోరు బాగా తెరిచాక నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించాం. నిద్రలోకి జారితే అరికాలు రుద్ది లేపాం. ఆ వయసుకి, ఆ బరువుకి ఒక్కోసారికి దాదాపు 30 మిల్లీలీటర్లు వెళ్లాలని లెక్క వేసుకున్నాం. తక్కువైనంత మేరకు తల్లి చేత పాలు పిండించి ఉగ్గుగిన్నెతో పట్టాం. రాత్రి రెండు గంటలకి తూకంలో 26 గ్రాములు కనిపించినప్పుడు ఆ అమ్మాయి ఏడ్చేసింది. రెండు రోజులుగా తన పాలే విషమని వింటున్న పిల్ల ఆమె. తెల్లవారుజామున డైపర్‌లో ఆకుపచ్చ మలం, మధ్యాహ్నానికి ఆవపిండి ముద్దలా పసుపు. బిలిరుబిన్ 12 గంటలకు 17.9, 24 గంటలకు 14.6. లైటు తీసేసి మరుసటి రోజు మళ్లీ చూస్తే 14.1. లైటు తీశాక మళ్లీ ఎగబాకుతుందేమోనని ఆ పరీక్ష చేస్తాం. పెరగలేదు. బరువు 2.75 కిలోలకి వచ్చింది.

పాలు ఒక్కటే చాలని నేను అనడం లేదు. 21.4 దగ్గర లైటు తప్పనిసరి. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకి ఎక్కి వినికిడి పోవచ్చు, కాళ్లూచేతులూ జీవితాంతం దెబ్బతినవచ్చు. రక్తం మార్చాల్సిన స్థాయికి దగ్గరగా ఉన్న బిడ్డను పాల కోసం కూడా లైటు కిందనుంచి తీయనివ్వం. అప్పుడు ట్యూబుతోనో, సెలైన్‌తోనో నడిపిస్తాం. తల్లీబిడ్డల రక్తం గ్రూపు పడక గానీ, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం వల్ల గానీ రక్తం విరిగిపోతుంటే ఎంత పాలు తాగినా లైటు లేకుండా ఆగదు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడితే అది మామూలు కామెర్లు కాదు, వెంటనే రావాలి.

అపోహ: లైటు బిడ్డని కాల్చేస్తుంది, కాస్త గుడ్డ కప్పితే ఏమవుతుంది

లైటు ఏం చేస్తుందంటే, చర్మంలో ఉన్న బిలిరుబిన్ ఆకారాన్నే మార్చేస్తుంది. ఆ కొత్త రూపం లివర్ పని లేకుండానే పైత్యరసంలోకీ, మూత్రంలోకీ వెళ్లిపోతుంది. లైటు పడిన చర్మంలోనే ఈ మార్పు జరుగుతుంది. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఈ సంగతి గమనించింది సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు. ఎండలోకి తీసుకెళ్లిన ఒక బిడ్డ ఒళ్లంతా తెల్లబడింది, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం త్రికోణంలా పసుపు మిగిలిపోయింది. రెండేళ్లకు, 1958లో, అక్కడి డాక్టర్లు లైటు చికిత్స గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు.

నేను ఇటు తిరిగేలోపు అమ్మమ్మలు జాలిపడి తువ్వాలు కప్పేస్తారు. పైన చెప్పిన 21.4 బిడ్డ అమ్మమ్మ కూడా అలాగే చేసింది. "చలేస్తోందేమో తల్లీ" అంది. "మామ్మగారూ, చలి లేకుండా చూసే బాధ్యత నాది, మూడు నాలుగు గంటలకోసారి టెంపరేచర్ చూస్తున్నాను. గుడ్డ కప్పినంత మేరా మందు పడనట్టే" అన్నాను. తర్వాత తనే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అందుకే ఒంటిమీద చిన్న డైపరూ, కళ్లగంతలూ తప్ప ఏమీ ఉంచం. గంతలు జారి ముక్కు మూసేయకుండా మాటిమాటికీ చూస్తాం. పాలిచ్చేటప్పుడు గంతలు తీసేస్తాం. కళ్లకు పుసి పట్టిందేమో అప్పుడే చూస్తాం, బిడ్డ అమ్మ ముఖం కూడా చూడాలి కదా. నూనె రాయకండి, వేడికి చర్మం కందిపోతుంది. లైటు కింద మోషన్ పల్చగా, ఆకుపచ్చగా వస్తే కంగారుపడకండి, అది బిలిరుబిన్ బయటికి పోతున్న దారి. అయితే నీరు కూడా పోతుంది కాబట్టి పాలు ఇంకాస్త ఎక్కువసార్లు ఇవ్వాలి, రోజూ బరువు చూడాలి. ఇంకో మాట. లైటు కింద ఉన్న బిడ్డ చర్మం రంగు చూసి తగ్గిపోయిందనుకోకండి. చర్మం ముందు తెల్లబడుతుంది, రక్తంలో ఎంత ఉందో రక్తపరీక్షే చెప్పాలి.

మిగతావి

ఎండలో పెడితే చాలదా? చాలదు. ఒళ్లంతా విప్పి గంటలతరబడి ఉంచాలి, మన విశాఖ ఎండకీ ఉక్కకీ బిడ్డ ముందు వాడిపోతాడు. ఎంత వెలుగు పడిందో కొలిచే దారి కూడా ఉండదు.

పసరు, వాతలు, ఆముదం: దయచేసి వద్దు. చేతిమీద వాత పెట్టించుకుని వచ్చిన చంటిబిడ్డకి చీముపట్టి ఆ ఇన్ఫెక్షన్‌కే వారం పాటు వైద్యం చేయాల్సి వచ్చింది.

తల్లి పప్పు తింటే, పసుపు తింటే కామెర్లు రావు. బాలింతకు నీళ్లు తగ్గించకండి, దాహమైనప్పుడల్లా తాగనివ్వండి.

రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే, బిడ్డ బరువు పెరుగుతూ హుషారుగా ఉంటే, అది తల్లిపాల వల్ల వచ్చే మామూలు రకం కావచ్చు. అయినా లివర్ మార్చిన బిలిరుబిన్ రక్తంలో ఎంత ఉందో చూసే డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష ఒకసారి చేయించాలి. మలం సున్నంలా తెల్లగా, మూత్రం డైపర్‌కి పసుపు మరక పట్టేలా ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి. పైత్యనాళం మూసుకుపోయిన బిడ్డలకి రెండు నెలల్లోపు ఆపరేషన్ అయితేనే ఫలితం బాగుంటుంది.

ఇంటికెళ్లాక లెక్కపెట్టాల్సినవి ఇవి: రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు, నాలుగైదో రోజు నుంచి కనీసం ఆరుసార్లు మూత్రం, మూడు నాలుగు పసుపు మోషన్లు. ఇవి తగ్గినా, బిడ్డ పాలు పట్టకుండా మత్తుగా పడుకున్నా, కీచుగా ఏడ్చినా, వెనక్కి విల్లులా వంగినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో కూడా పాలు ఇస్తూనే రండి.