కంచె లెక్కలోకి λ ఎలా వచ్చింది?

20 మీటర్ల కంచెతో చుట్టగలిగే దీర్ఘచతురస్రాల్లో దేని వైశాల్యం అన్నిటికంటే ఎక్కువ? ఇంటర్ మాథ్స్ 1Bలో ఏళ్ల తరబడి చేయిస్తూ వచ్చిన లెక్క ఇది. పొడవు x, వెడల్పు y అనుకుంటే x + y = 10. అంటే y = 10 − x, వైశాల్యం 10x − x². దాని అవకలనం 10 − 2x సున్నా కావాలి కాబట్టి x = 5. చతురస్రం, 25 చదరపు మీటర్లు. రెండు లైన్లలో అయిపోయింది.

తర్వాత బీటెక్ ఫస్టియర్‌లో ఇదే లెక్కకు లగ్రాంజ్ గుణకం అనే λ తగిలించి మళ్లీ చేయమంటారు. రెండు తెలియని రాశులు మూడవుతాయి, జవాబు మాత్రం మారదు. ఎందుకీ తిప్పలని పిల్లలు విసుక్కుంటారు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది, ఎందుకంటే λ ఈ లెక్క కోసం పుట్టలేదు.

లెక్క మాత్రం చాలా పాతది. 1630లలో ఫ్రాన్స్‌లో ఫెర్మా గరిష్ఠ కనిష్ఠాలు కనుక్కునే తన పద్ధతికి ఎంచుకున్న ఉదాహరణ ఇదే: B పొడవున్న గీతను రెండు ముక్కలు చేస్తే వాటి లబ్ధం ఎప్పుడు గరిష్ఠం? ఒక ముక్క A అయితే రెండోది B − A. ఇక్కడే ప్రతిక్షేపణ జరిగిపోయింది. A బదులు A + E పెట్టి, రెండు లబ్ధాలూ దాదాపు సమానమని రాసి, ఉమ్మడి పదాలు కొట్టేసి, E తో భాగిస్తే B = 2A + E మిగులుతుంది. E ని వదిలేస్తే B = 2A. అవకలనానికి ఇంకా పేరైనా లేని రోజుల్లో సాగిన లెక్క ఇది.

గుణకం దారి వేరు. లగ్రాంజ్ దాన్ని 1788లో వెలువడిన తన యాంత్రికశాస్త్ర గ్రంథంలో వాడాడు. కడ్డీలతో, తాళ్లతో కలిపిన వస్తువులు ఎప్పుడు సమతాస్థితిలో ఉంటాయన్నది అక్కడి ప్రశ్న. ప్రతి తాడూ ఒక సమీకరణమే. వాటిని సాధించి ఒక్కో చలరాశినీ తీసేస్తూ పోతే లెక్క చిక్కుపడిపోతుంది. అందుకని ఆయన ఏదీ తీసేయకుండా, ప్రతి షరతునూ ఒక తెలియని గుణకంతో హెచ్చించి అసలు సమీకరణానికి కలిపాడు. ఆ గుణకాలు ఉత్త సాయం అక్షరాలు కావు. తాడులో ఎంత బిగువు ఉందో అవే చెబుతాయి. ప్రతిక్షేపణ చేసి ఉంటే తాడుతో పాటు ఆ బిగువు కూడా లెక్కలోంచి మాయమయ్యేది. 1797లో ఆయన ఇదే పద్ధతిని మామూలు గరిష్ఠ కనిష్ఠాలకూ వర్తింపజేశాడు.

ఇప్పుడు కంచె దగ్గరికి వద్దాం. షరతు 2x + 2y = 20. L = xy − λ(2x + 2y − 20) అని రాసి x, y లతో విడివిడిగా అవకలనం చేస్తే y = 2λ, x = 2λ. కాబట్టి x = y = 5, λ = 2.5. మన బిగువు ఈ 2.5. ఇంకో మీటరు కంచె దొరికితే వైశాల్యం సుమారు 2.5 చదరపు మీటర్లు పెరుగుతుందని అర్థం. 21 మీటర్లతో కట్టి చూస్తే 5.25 × 5.25 = 27.5625. పెరిగింది 2.5625. షరతును x + y = 10 అని రాస్తే λ = 5 వస్తుంది. అది తప్పేమీ కాదు, ఇప్పుడు కొలుస్తున్నది సగం చుట్టుకొలతలో ఒక మీటరు, అంటే రెండు మీటర్ల కంచె.

చాలామంది పొరబడేది ఇంకోచోట. లగ్రాంజ్ పద్ధతంటే L ను గరిష్ఠం చేయడమే అనుకుంటారు. λ = 2.5 దగ్గరే ఉంచి x, y రెండింటినీ 6 చేయండి. L విలువ 36 − 2.5 × 4 = 26. అసలు బిందువు దగ్గర 25 మాత్రమే! అక్కడ L కు ఉన్నది జీను ఆకారం, శిఖరం కాదు. షరతు గీత వెంబడే, అంటే x పెరిగినంతా y తగ్గేలా నడిస్తేనే 25 గరిష్ఠం. 6, 4 తీసుకుంటే 24 వస్తుంది.

షరతు రాసే తీరు కూడా ముంచగలదు. x + y = 10 బదులు (x + y − 10)² = 0 అని రాసినా దీర్ఘచతురస్రాలు అవే. కానీ షరతు తీరే ప్రతి బిందువు దగ్గరా దాని అవకలనాలు సున్నాలే. అప్పుడు y = 0, x = 0 అని వస్తుంది, వాటి మొత్తం 10 కాదు. పద్ధతి చేతులెత్తేసింది. ప్రతిక్షేపణకు ఈ బాధ లేదు. ఇలా చిన్న లెక్కల్లో నా ఓటు దానికే. y ని x లో రాయడం కుదరని షరతు ఎదురైనప్పుడో, మీటరు కంచె విలువెంతో కావాల్సినప్పుడో λ అక్కరకొస్తుంది.

కంచె మొత్తం వాడి తీరాలని లగ్రాంజ్ సమీకరణం పట్టుబడుతుంది. 20 మీటర్లకు మించకూడదు అనే రకం షరతులకు కరుష్ 1939లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎంఎస్ సిద్ధాంత వ్యాసంగా నియమాలు రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1951లో కూన్, టకర్ వాటినే సొంతంగా కనుక్కుని ప్రచురించాక పేరొచ్చింది. స్థలమే 4 × 4 మీటర్లు ఉందనుకోండి. 16 మీటర్లతో పని అయిపోయి 4 మీటర్ల కంచె మిగులుతుంది. ఆ నియమాల ప్రకారం కంచె తాలూకు λ అప్పుడు సున్నా: ఇంకో మీటరు తెచ్చినా ఒక్క చదరపు అంగుళం కూడా పెరగదు.